రెండు ట్యాంకులు, ఒక మాత్రిక: అవకలన సమీకరణాల వ్యవస్థను డయాగనలైజ్ చేసి సాధించే పద్ధతి

వంద లీటర్ల ట్యాంకులు రెండు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. రెండూ నిండుగా ఉన్నాయి. మొదటి ట్యాంకు నీళ్ళలో 8 కిలోల ఉప్పు కరిగి ఉంది, రెండోదానిలో ఉన్నవి మంచినీళ్ళు. మొదటి ట్యాంకులోకి బయటి నుంచి నిమిషానికి 3 లీటర్ల మంచినీళ్ళు వస్తున్నాయి. మొదటిదాని నుంచి రెండోదానిలోకి నిమిషానికి 4 లీటర్లు పోతున్నాయి, రెండోదాని నుంచి 1 లీటరు వెనక్కి మొదటిదానిలోకి వస్తోంది, మిగతా 3 లీటర్లు రెండో ట్యాంకు నుంచి బయటికి పోతున్నాయి. వచ్చే నీళ్ళూ పోయే నీళ్ళూ సమానం కాబట్టి రెండు ట్యాంకుల్లోనూ ఎప్పుడూ వంద లీటర్లే ఉంటాయి. ఉప్పు వెంటనే ట్యాంకంతా సమంగా కలిసిపోతుందని అనుకుందాం. t నిమిషాల తర్వాత ఏ ట్యాంకులో ఎంత ఉప్పు ఉంటుంది?

డయాగనలైజేషన్ నేర్చుకోవడానికి నేను ఎవరికైనా మొదట ఇచ్చే లెక్క ఇదే. ఇందులో ప్రతి అంకెకూ ఒక అర్థం ఉంది కాబట్టి తప్పు జరిగితే ఉప్పు లెక్కే మనకు పట్టిస్తుంది.

సమీకరణాలు రాయడం

మొదటి ట్యాంకులోని ఉప్పును x1 కిలోలు, రెండోదానిలోని ఉప్పును x2 కిలోలు అనుకుందాం. మొదటి ట్యాంకులో లీటరుకు x1/100 కిలోల ఉప్పు ఉంటుంది. అక్కడి నుంచి నిమిషానికి 4 లీటర్లు పోతున్నాయి కాబట్టి నిమిషానికి 4·x1/100 కిలోలు పోతాయి. వెనక్కి వచ్చే 1 లీటరుతో x2/100 కిలోలు వస్తాయి. రెండో ట్యాంకుకు కూడా ఇదే లెక్క వేస్తే:

```
x1' = -0.04 x1 + 0.01 x2
x2' =  0.04 x1 - 0.04 x2
```

మాత్రిక రూపంలో x' = A x.

```
A = (1/100) · [ -4   1 ]
              [  4  -4 ]
```

ముందుకు వెళ్ళేలోపు నిలువు వరుసలను ఒకసారి కూడి చూడండి. మొదటి నిలువు వరుస మొత్తం సున్నా. మొదటి ట్యాంకు నుంచి పోయిన ఉప్పంతా రెండోదానిలోకే చేరుతోంది, బయటికి ఏమీ పోవడం లేదు అని దీని అర్థం. రెండో నిలువు వరుస మొత్తం −3. రెండో ట్యాంకు నుంచి బయటికి పోయే ఆ 3 లీటర్లే ఇవి. ఈ రెండు మొత్తాలూ సరిపోకపోతే తప్పు సమీకరణాల్లోనే ఉందన్నమాట. దాన్ని సరిచేయకుండా ఐగెన్ విలువల జోలికి వెళ్తే తర్వాత చేసేదంతా వృథా.

అసలు చిక్కు ఎక్కడుంది

x1' లో x2 ఉంది, x2' లో x1 ఉంది. ఒకదాన్ని సాధించాలంటే రెండోది తెలియాలి. x' = k x లాంటి ఒంటరి సమీకరణమైతే e^(kt) అని వెంటనే రాసేస్తాం. ఇక్కడ అలా కుదరదు.

ఇప్పుడు ఒక పని చేసి చూడండి. x1, x2 లను విడివిడిగా పట్టుకోకుండా 2·x1 + x2 అనే మొత్తం ఎలా మారుతుందో చూద్దాం.

```
(2x1 + x2)' = -0.08 x1 + 0.02 x2 + 0.04 x1 - 0.04 x2
            = -0.04 x1 - 0.02 x2
            = -0.02 (2x1 + x2)
```

మళ్ళీ అదే మొత్తం తిరిగి వచ్చింది! 2·x1 + x2 కు వేరే దేనితోనూ పనిలేదు, తనంతట తానే e^(−0.02t) లా తగ్గిపోతుంది. ఇలాగే 2·x1 − x2 తో చేస్తే −0.06 (2x1 − x2) వస్తుంది, కాగితం మీద చేసి చూసుకోండి. అంటే చిక్కుపడ్డ రెండు సమీకరణాల వెనక, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమీకరణాలు ముందునుంచీ ఉన్నాయి. మనం తప్పు చలరాశులతో చూస్తున్నాం కాబట్టే చిక్కుగా కనిపించింది.

ఆ సరైన కలయికలను ఊహించకుండా లెక్కగట్టి పట్టుకునే పద్ధతే డయాగనలైజేషన్. 2, 1 అనే అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చూద్దాం.

ఐగెన్ విలువలు

A v = λ v అయ్యేలా చేసే సంఖ్య λ ను A కి ఐగెన్ విలువ అంటారు, దానికి తగిన సున్నా కాని సదిశ v ను ఐగెన్ సదిశ అంటారు. అలాంటి v ఉండాలంటే A − λI నిర్ధారకం సున్నా కావాలి. 1/100 ను పక్కన పెట్టి లోపలి పూర్ణాంకాల మాత్రికతోనే పని చేయండి. ఐగెన్ విలువలు వచ్చాక వందతో భాగిస్తే సరిపోతుంది, ఐగెన్ సదిశలు మాత్రం మారవు. దశాంశాలతో కుస్తీ పట్టడం కంటే ఇది చాలా హాయి.

```
(-4 - λ)(-4 - λ) - (1)(4) = 0
(λ + 4)² = 4
λ = -2  లేదా  λ = -6
```

సరిచూసుకోవడానికి రెండు లెక్కలున్నాయి. ఐగెన్ విలువల మొత్తం వికర్ణంలోని అంకెల మొత్తానికి సమానం కావాలి: −2 − 6 = −8, సరిపోయింది. వాటి లబ్ధం నిర్ధారకానికి సమానం కావాలి: 12 = 16 − 4, ఇదీ సరిపోయింది. వందతో భాగిస్తే అసలు ఐగెన్ విలువలు −0.02, −0.06.

రెండూ రుణాత్మకం కావడం సహజమే. మంచినీళ్ళు వస్తూ ఉన్నాయి, ఉప్పునీళ్ళు పోతూ ఉన్నాయి, కాబట్టి చివరికి ఉప్పు మిగలకూడదు. ఇక్కడ ధనాత్మక ఐగెన్ విలువ వచ్చిందంటే ఉప్పు దానంతటదే పుడుతోందన్నమాట. అలా వస్తే వెంటనే వెనక్కి వెళ్ళి గుర్తులు చూసుకోండి.

ఐగెన్ సదిశలు, P మాత్రిక

λ = −2 కు, A స్థానంలో ఆ పూర్ణాంకాల మాత్రికనే పెడితే, (A − λI)v = 0 లో మొదటి అడ్డు వరుస −2·v1 + v2 = 0 అవుతుంది. v1 = 1 తీసుకుంటే v2 = 2. రెండో అడ్డు వరుస 4·v1 − 2·v2 = 0 కూడా ఇదే చెప్పాలి, చెబుతోంది. రెండు అడ్డు వరుసలూ వేర్వేరు మాటలు చెబితే, అంటే v = 0 తప్ప ఏదీ కుదరకపోతే, ఐగెన్ విలువే తప్పు.

λ = −6 కు 2·v1 + v2 = 0 కాబట్టి సదిశ (1, −2). ఈ రెండింటినీ నిలువు వరుసలుగా పెడితే:

```
P = [ 1   1 ]        D = [ -0.02    0   ]
    [ 2  -2 ]            [   0    -0.06 ]
```

D లో ఐగెన్ విలువలు ఏ వరుసలో ఉన్నాయో P లో వాటి సదిశలు కూడా అదే వరుసలో ఉండాలి. ఈ మాట ప్రతి క్లాసులోనూ చెబుతారు, అయినా ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఇది తప్పితే ఎలా తెలుస్తుందో కాసేపట్లో చెబుతాను.

సరిచూసుకోవడానికి A = P D P⁻¹ అంతా గుణించనక్కర్లేదు. A P, P D లను విడివిడిగా గుణించి రెండూ ఒకటేనా అని చూస్తే చాలు. మన లెక్కలో రెండూ ఇవే వస్తాయి:

```
AP = PD = [ -0.02  -0.06 ]
          [ -0.04   0.12 ]
```

చలరాశి మార్పు

x = P y అని రాద్దాం. P లో అన్నీ స్థిరాంకాలే కాబట్టి x' = P y'. దీన్ని x' = A x లో పెడితే P y' = A P y = P D y. రెండు వైపులా ఎడమ నుంచి P⁻¹ తో గుణిస్తే y' = D y మిగులుతుంది. అంటే:

```
y1' = -0.02 y1
y2' = -0.06 y2
```

ముడి విడిపోయింది. y1 = c1·e^(−0.02t), y2 = c2·e^(−0.06t).

y = P⁻¹ x కాబట్టి y అంటే ఏమిటో తెలియాలంటే P⁻¹ అడ్డు వరుసలు చూడాలి.

```
P⁻¹ = [ 1/2   1/4 ]
      [ 1/2  -1/4 ]
```

y1 = (2x1 + x2)/4, y2 = (2x1 − x2)/4. మొదట్లో చూసిన కలయికలు ఇవే. అంటే విడిగా నడిచే కలయికలు P⁻¹ అడ్డు వరుసల్లో ఉంటాయి, P నిలువు వరుసల్లో ఉండవు. P నిలువు వరుసలు వేరే సంగతి చెబుతాయి. ఉప్పు సరిగ్గా ఆ నిష్పత్తిలో ఉంటే, ఆ నిష్పత్తి చెడకుండానే మొత్తం తగ్గిపోతుంది. ఉదాహరణకు మొదటి ట్యాంకులో 1 కిలో, రెండోదానిలో 2 కిలోలతో మొదలుపెడితే, ఎప్పుడు కొలిచినా రెండోదానిలో మొదటిదానికి రెట్టింపే ఉంటుంది. ఈ రెండు అర్థాలనూ కలిపేసుకోకూడదు.

"P లో అన్నీ స్థిరాంకాలే" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి, ఈ పద్ధతి అంతా దాని మీదే నిలబడింది. రెండో ట్యాంకు నుంచి బయటికి 3 లీటర్లకు బదులు 2 లీటర్లే పోతున్నాయనుకోండి. ట్యాంకులో ఇంకా చోటుందనుకుంటే, అప్పుడు అందులో నీళ్ళు నిమిషానికో లీటరు పెరుగుతాయి, 100 బదులు 100 + t తో భాగించాల్సి వస్తుంది, A లోకి t వచ్చేస్తుంది. ఐగెన్ సదిశలు కూడా t తో మారిపోతాయి, అప్పుడు x' = P y' + P' y. ఆ రెండో పదం వల్ల y1, y2 మళ్ళీ ముడిపడతాయి. కాబట్టి A లో t కనిపిస్తే ఈ దారిలో నేరుగా వెళ్ళడం కుదరదు.

ప్రారంభ విలువలు

మనకు తెలిసినవి x1(0) = 8, x2(0) = 0. ఇవి x విలువలు, y విలువలు కావు. c1 = 8, c2 = 0 అని రాసేస్తే లెక్క అక్కడే చెడిపోతుంది. కావలసింది P c = x(0) ను తీర్చే c:

```
 c1 +  c2 = 8
2c1 - 2c2 = 0
```

c1 = c2 = 4. దీనికి P⁻¹ పూర్తిగా కట్టాల్సిన పని కూడా లేదు, ఈ రెండు సమీకరణాలు సాధిస్తే చాలు. మాత్రిక 3×3, 4×4 అయినప్పుడు ఇది చాలా శ్రమ తగ్గిస్తుంది.

ఇప్పుడు x = P y తో తిరిగి రావాలి:

```
x1 = 4 e^(-0.02t) + 4 e^(-0.06t)
x2 = 8 e^(-0.02t) - 8 e^(-0.06t)
```

ఒక్క వరుసలో రాస్తే x = P e^(Dt) P⁻¹ x(0). e^(Dt) అంటే వికర్ణం మీద ఉన్న వాటికే ఘాతం వేసి, మిగతా చోట్ల సున్నాలు ఉంచడం. A లోని ఒక్కో అంకెకూ విడిగా e ఘాతం వేస్తే e^(At) వచ్చేయదు. అలా వికర్ణ మాత్రికకు మాత్రమే, అదీ వికర్ణం మీదే చేయగలం. ఇంత దూరం వచ్చి డయాగనలైజ్ చేసింది అందుకే.

జవాబు సరైనదేనా

చాలామంది t = 0 పెట్టి 8, 0 వచ్చాయని చూసి వదిలేస్తారు. అది చాలదు. P లో నిలువు వరుసలు ఒక క్రమంలో, D లో ఐగెన్ విలువలు ఇంకో క్రమంలో పెట్టారనుకోండి. t = 0 దగ్గర e^(Dt) అంటే I, కాబట్టి P P⁻¹ x(0) = x(0) వచ్చి తీరుతుంది. ఎంత పెద్ద తప్పు చేసినా ఆ పరీక్షలో పాస్ అయిపోతారు.

దాన్ని పట్టించేది t = 0 దగ్గరి అవకలజం. సమీకరణం ప్రకారం x2'(0) = 0.04 × 8 = 0.32. మన జవాబు ప్రకారం x2'(0) = −0.16 + 0.48 = 0.32. సరిపోయింది. క్రమం తారుమారు చేసి ఉంటే x2 = 8e^(−0.06t) − 8e^(−0.02t) వచ్చేది, అవకలజం −0.32 అయ్యేది. ఉప్పే లేని ట్యాంకులో ఉప్పు సున్నా కంటే తగ్గడం ఏమిటి? విచిత్రం ఏమిటంటే ఈ లెక్కలో c1, c2 సమానం కాబట్టి, క్రమం తప్పినా x1 మాత్రం సరిగ్గానే వస్తుంది. అందుకే అన్ని చలరాశుల అవకలజాలూ చూడాలి, ఒకటి సరిపోయిందని ఆగిపోకూడదు.

ఇంకో మంచి పరీక్ష కూడా ఉంది. రెండో ట్యాంకులో ఉప్పు మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది. గరిష్ఠం దగ్గర x2' = 0, అంటే 0.16e^(−0.02t) = 0.48e^(−0.06t), అంటే e^(0.04t) = 3. t = 25·ln 3, దాదాపు 27.5 నిమిషాలు. అప్పుడు x2 సుమారు 3.08 కిలోలు. ఇక సమీకరణాన్ని చూడండి: x2' = 0 కావాలంటే 0.04x1 = 0.04x2, అంటే ఆ క్షణంలో రెండు ట్యాంకుల్లోనూ ఉప్పు సమానంగా ఉండాలి. అదే సమయానికి x1 కట్టి చూస్తే అదీ 3.08 వస్తుంది.

ఐగెన్ విలువల నుంచి ఇంకో సంగతి నేరుగా చదవవచ్చు. e^(−0.06t) మూడు రెట్లు వేగంగా తగ్గుతుంది. కాసేపటికి అది పోయి e^(−0.02t) ఒక్కటే మిగులుతుంది, దానితోపాటు దాని సదిశ (1, 2) కూడా. కాబట్టి మొదలు ఎలా ఉన్నా, చివరికి రెండో ట్యాంకులో మొదటిదానికి దాదాపు రెట్టింపు ఉప్పు ఉంటుంది. t = 100 దగ్గర x1 సుమారు 0.551, x2 సుమారు 1.063. నిష్పత్తి అప్పటికే 1.93.

బయటి నుంచి కూడా ఉప్పు వస్తుంటే

వచ్చే నీళ్ళలో లీటరుకు 0.02 కిలోల ఉప్పు ఉందనుకుందాం. నిమిషానికి 3 లీటర్లు కాబట్టి మొదటి ట్యాంకులోకి నిమిషానికి 0.06 కిలోలు వస్తాయి. ఇప్పుడు x' = A x + f, ఇక్కడ f = (0.06, 0).

పద్ధతి మారదు. కానీ x = P y పెట్టినప్పుడు f కూడా P⁻¹ తో గుణించబడుతుంది: y' = D y + P⁻¹ f. దీన్ని మరిచిపోయి f ను ఉన్నదున్నట్టు y సమీకరణాల్లో రాసేయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు. P⁻¹ f = (0.03, 0.03). రెండో ట్యాంకులోకి బయటి నుంచి ఏమీ రాకపోయినా y2 సమీకరణంలో 0.03 వచ్చింది, ఎందుకంటే y2 రెండు ట్యాంకుల కలయిక.

```
y1' = -0.02 y1 + 0.03   →  y1 = 1.5 + 2.5 e^(-0.02t)
y2' = -0.06 y2 + 0.03   →  y2 = 0.5 + 3.5 e^(-0.06t)
```

2.5, 3.5 అనేవి y(0) = (4, 4) నుంచి వచ్చాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. స్థిరాంకాన్ని ప్రారంభ విలువతో కట్టేది స్థిర భాగాన్ని తీసేశాకే: 4 − 1.5, 4 − 0.5. P తో గుణించి తిరిగి వస్తే:

```
x1 = 2 + 2.5 e^(-0.02t) + 3.5 e^(-0.06t)
x2 = 2 + 5 e^(-0.02t) - 7 e^(-0.06t)
```

ఎంతో కాలం గడిచాక రెండు ట్యాంకుల్లోనూ 2 కిలోలు మిగులుతాయి. వంద లీటర్లలో లీటరుకు 0.02 చొప్పున అంతే ఉండాలి కదా. చివరికి ట్యాంకుల్లోని నీళ్ళు బయటి నుంచి వచ్చే నీళ్ళలాగే అవుతాయి. జవాబు కరెక్టే.

ఐగెన్ విలువలు సంకీర్ణ సంఖ్యలైతే

రెండు ట్యాంకుల మధ్య నీళ్ళు ఎంత వేగంతో పోయినా, వచ్చినా సంకీర్ణ ఐగెన్ విలువలు రావు. 2×2 మాత్రికలో వికర్ణం బయటి రెండు అంకెల లబ్ధం రుణాత్మకం కాకపోతే వర్గమూలం కింద రుణ సంఖ్య రాదు. మూడు ట్యాంకులను గుండ్రంగా కలిపితే మాత్రం వస్తాయి. మూడు వంద లీటర్ల ట్యాంకులు, మొదటిదాని నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి, మూడోదాని నుంచి మళ్ళీ మొదటిదానికి నిమిషానికి 10 లీటర్లు, బయటితో సంబంధం లేదు. మొదటి ట్యాంకులో 9 కిలోల ఉప్పు, మిగతా రెండింటిలో మంచినీళ్ళే.

ఐగెన్ విలువలు 0, −0.15 + 0.0866i, −0.15 − 0.0866i. సున్నా రావడానికి కారణం ఉప్పు ఎక్కడికీ పోకపోవడమే, మొత్తం 9 కిలోలు ఎప్పుడూ అలాగే ఉంటాయి. సంకీర్ణ ఐగెన్ విలువలు జంటగా వస్తాయి, వాటి సదిశలూ స్థిరాంకాలూ కూడా ఒకదానికొకటి సంయుగ్మాలే. కాబట్టి కూడినప్పుడు కల్పిత భాగాలు రద్దయిపోయి వాస్తవ భాగానికి రెట్టింపు మిగులుతుంది. చివరికి x1 ఇలా వస్తుంది:

```
x1 = 3 + 6 e^(-0.15t) cos(0.0866 t)
```

జవాబులో i మిగిలిపోయిందంటే సంయుగ్మాలను జత చేయడంలో ఎక్కడో తేడా వచ్చిందని గుర్తు. cos చూసి ఉప్పు పైకీ కిందకీ ఊగుతుందని అనుకోవచ్చు. నిజానికి ఒక పూర్తి ఊపుకు 72 నిమిషాల పైనే పడుతుంది, ఈలోపు e^(−0.15t) దాదాపు 50,000 వ వంతుకు పడిపోతుంది. కొలిచి చూసేవారికి ఊగిసలాట కనిపించదు. కల్పిత భాగం ఉన్నంత మాత్రాన ఊపు కంటికి కనబడుతుందని కాదు, దాన్ని వాస్తవ భాగంతో పోల్చి చూడాలి.

డయాగనలైజ్ చేయలేని ట్యాంకులు

మళ్ళీ మొదటి రెండు ట్యాంకులకు వద్దాం. వెనక్కి వచ్చే ఆ ఒక్క లీటరు పైపును మూసేయండి. మొదటిదానిలోకి 3 లీటర్లు, అక్కడి నుంచి రెండోదానికి 3, అక్కడి నుంచి బయటికి 3.

```
A = (1/100) · [ -3   0 ]
              [  3  -3 ]
```

ఐగెన్ విలువ −0.03, రెండుసార్లు. ఐగెన్ సదిశ కోసం చూస్తే 3·v1 = 0 అని వస్తుంది, అంటే (0, 1) ఒక్కటే. రెండో సదిశ లేదు. P కట్టడానికి నిలువు వరుస చాలదు, ఈ మాత్రికను డయాగనలైజ్ చేయలేం. ఐగెన్ విలువ రెండుసార్లు వచ్చిన ప్రతిసారీ ఇలా జరగదు, స్వతంత్ర సదిశలు రెండు దొరికితే ఏ ఇబ్బందీ లేదు. లెక్కపెట్టాల్సింది సదిశలను.

ఈ లెక్కను మామూలుగానే సాధించవచ్చు. మొదటి సమీకరణం ఒంటరిది కాబట్టి x1 = 8e^(−0.03t). దాన్ని రెండోదానిలో పెడితే x2 = 0.24·t·e^(−0.03t). ఘాతం ముందు t వచ్చి చేరింది. డయాగనలైజ్ చేయగలిగిన ఏ మాత్రికా ఇలాంటి t ఇవ్వదు.

ఇక్కడ నాకు ఎంతో విలువైనదిగా అనిపించే సంగతి ఒకటుంది. పైపును పూర్తిగా మూయకుండా, వెనక్కి నిమిషానికి r లీటర్లు వచ్చేలా వదిలామనుకోండి. అప్పుడు రెండు ఐగెన్ సదిశలు (1, k), (1, −k), ఇక్కడ k = √((3 + r)/r). r = 1 అయితే k = 2, మన మొదటి లెక్క. r = 0.0001 అయితే k దాదాపు 173. గణితం ప్రకారం ఇప్పటికీ డయాగనలైజ్ చేయవచ్చు, కానీ రెండు సదిశలూ దాదాపు ఒకే గీత మీద పడిపోయాయి. c విలువలు కట్టేటప్పుడు చిన్న రౌండింగ్ తేడా పెద్దదవుతుంది. అంటే "చేయగలం", "చేయలేం" అనే రెండు పెట్టెలే లేవు, మధ్యలో మెల్లగా చెడుతూ వెళ్ళే దారి ఉంది. కాగితం మీద పూర్ణాంకాలతో చేస్తే ఇది కనిపించదు, కంప్యూటర్ మీద కనిపిస్తుంది.

కంప్యూటర్‌తో చేసేటప్పుడు

```python
import numpy as np
A = np.array([[-4, 1], [4, -4]]) / 100
lam, P = np.linalg.eig(A)
c = np.linalg.solve(P, [8, 0])
t = 25 * np.log(3)
print(P @ (np.exp(lam * t) * c))
print(np.linalg.cond(P))
```

మొదటి ప్రింట్‌లో రెండు విలువలూ 3.0792 దగ్గర రావాలి, మనం చేత్తో కట్టిన గరిష్ఠం అదే. P ను ప్రింట్ చేస్తే (1, 2) కనిపించదు, ఎందుకంటే `eig` ప్రతి నిలువు వరుసనూ పొడవు 1 ఉండేలా మారుస్తుంది. గుర్తులు కూడా తిరగబడి ఉండవచ్చు, ఐగెన్ విలువలు మీరనుకున్న క్రమంలో రాకపోవచ్చు. వీటివల్ల నష్టమేమీ లేదు, c కూడా దానికి తగ్గట్టు మారుతుంది, x మాత్రం మారదు. ఐగెన్ విలువలను చిన్నది నుంచి పెద్దదానికి అమర్చుకోవాలనిపిస్తే `P` నిలువు వరుసలను కూడా అదే క్రమంలో మార్చండి.

చివరి వరుసలోని `cond(P)` చూడటం మానవద్దు. P తో c కట్టేటప్పుడు రౌండింగ్ తేడా ఎంత పెద్దదవగలదో అది చెబుతుంది. ఇక్కడ అది 2, చాలా మంచి అంకె. మన ట్యాంకుల్లో అది సరిగ్గా k కే సమానం, కాబట్టి r = 0.0001 అయితే 173 వస్తుంది. పైపు పూర్తిగా మూసేసిన మాత్రిక ఇస్తే `eig` ఎర్రర్ ఇవ్వదు! దాదాపు ఒకే గీత మీద ఉన్న రెండు నిలువు వరుసలను ఇచ్చేసి ఊరుకుంటుంది. అప్పుడు `cond(P)` విపరీతంగా పెద్దగా వస్తుంది, లేదా `solve` దగ్గర మాత్రికకు విలోమం లేదని ఆగిపోతుంది. `cond(P)` 10 కి ఎన్నో ఘాతం దగ్గర ఉందో, జవాబు చివర సుమారు అన్నే అంకెలు నమ్మదగనివి కావచ్చు. మామూలుగా దొరికేవే సుమారు 16 అంకెలు, అందుకే 10^8 దాటితే నేను ఆ P ని వాడను.

అలాంటప్పుడు `scipy.linalg.expm(A * t) @ x0` వాడండి. అది ఐగెన్ సదిశల మీద ఆధారపడకుండానే e^(At) కడుతుంది కాబట్టి పైపు మూసిన ట్యాంకులకూ పనిచేస్తుంది. A గా పైపు మూసిన మాత్రికను, x0 గా (8, 0) ను ఇచ్చి, t = 100/3 పెట్టి చూడండి. x2 గరిష్ఠానికి చేరేది అప్పుడే, రెండు ట్యాంకుల్లోనూ 8/e, అంటే సుమారు 2.943 కిలోల ఉప్పు రావాలి.